తొలి పురస్కారం అందుకుంటూ మాట్లాడటం: పేర్ల చిట్టా లేకుండా కృతజ్ఞత చెప్పటం ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

నరసాపురం, పాలకొల్లు, మొగల్తూరు వైపు సభలకు వ్యాఖ్యానం చేస్తుంటాను. ఆ పరిచయంతో, మొదటిసారి సన్మానం అందుకోబోయేవాళ్ళు ముందురోజు ఫోన్ చేసి ఏం మాట్లాడాలని అడుగుతుంటారు. వాళ్ళలో లేసు అల్లే ఆడవాళ్ళు ఎక్కువ. అందుకే ఇక్కడ ఉదాహరణగా ఒక లేసు కళాకారిణి ప్రసంగాన్నే మొదటి చిత్తుప్రతి నుంచి చివరి మాట దాకా తీసుకున్నాను. ఆవిడ పేరూ, ఊరి పేరూ చెప్పటం లేదు.

ప్ర: ఇంతమంది సాయం చేస్తే పేర్లు చెప్పకుండా ఎలా దిగను? కృతఘ్నురాలు అనుకోరా?

ఈ భయంతోనే అందరూ చిట్టా రాసుకుంటారు. భయం న్యాయమైనదే. కానీ చిట్టా దాన్ని తీర్చదు, పెంచుతుంది. మీరు ఒక్క పేరూ చెప్పకపోతే ఎవరూ నొచ్చుకోరు. ముప్ఫై పేర్లు చెప్పి ముప్ఫై ఒకటోది మర్చిపోతే ఆ ఒక్కరికీ అది ఏళ్ళ తరబడి గుర్తుంటుంది. "అందరినీ తలుచుకుంది, నన్ను తప్ప" అన్న మాట పల్లెలో ఎంత దూరం పోతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇంకోటి, చిట్టా చదువుతున్నప్పుడు వేదిక మీద నిలబడి జనాన్ని చూస్తే తెలుస్తుంది. ప్రతి మనిషీ తన పేరు కోసమే వింటాడు. వచ్చేదాకా ఆత్రం, వచ్చాక పక్కవాళ్ళతో మాటలు. మొదటి మూడు పేర్లకు గట్టిగా పడిన చప్పట్లు పదో పేరుకి పలచబడతాయి. మీరు ఎంతో ప్రేమగా రాసుకున్న పేరు ఆ సందట్లో కలిసిపోతుంది.

ప్ర: అయితే ఆ పేర్లు ఎవరు చెప్పాలి?

మన సభల పద్ధతిలోనే జవాబు ఉంది. వేదిక మీదికి ఆహ్వానించేటప్పుడు వ్యాఖ్యాత ప్రతి అతిథినీ హోదాతో సహా పేరు పెట్టి పిలుస్తారు. చివర్లో వందన సమర్పణ చేసేవారు మళ్ళీ అందరినీ తలుచుకుంటారు, హాలు ఇచ్చినవారినీ, మైకు పెట్టినవారినీ కలిపి. పేర్ల చిట్టాకు ఈ రెండు చోట్లూ ఉన్నాయి. మధ్యలో పురస్కార గ్రహీతకు ఇచ్చేది స్పందన. అక్కడ జనం వినాలనుకునేది మీ పని గురించి. ఆ మాట మీరు తప్ప సభలో ఇంకెవరూ చెప్పలేరు.

ప్ర: వేదిక మీద కలెక్టరు గారు, ఎమ్మెల్యే గారు ఉంటే వాళ్ళ పేర్లయినా చెప్పాలి కదా?

"వేదిక మీదున్న పెద్దలందరికీ నమస్కారం" చాలు. ఒక్కరి పేరు ఎత్తారా, ఇక మిగిలిన అందరి పేర్లూ ఎత్తాలి. ఎత్తితే హోదా వరస తప్పకూడదు. ఎవరు ముందు, ఎవరు తర్వాత అన్నది కార్యాలయాల్లో పనిచేసేవాళ్ళకే తడబాటు. ఆఖరి నిమిషంలో ఒకరు రారు, ఇంకొకరు వస్తారు, మీ కాగితం మారదు. రాని మనిషికి నమస్కారం పెట్టి, ఎదురుగా కూర్చున్న మనిషిని వదిలేసిన సందర్భాలు నేను కళ్ళారా చూశాను. పేర్లు లేని ఒక్క నమస్కారంలో ఈ చిక్కులేవీ ఉండవు, ఎవరి గౌరవానికీ లోటు రాదు.

ప్ర: లేసు కళాకారిణి ప్రసంగం అన్నారు. మొదటి చిత్తుప్రతిలో ఏముంది?

ముందు ఆ పని ఎలా జరుగుతుందో రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే చిట్టా పొడుగు అక్కడినుంచే వస్తుంది. 19వ శతాబ్దం మధ్యలో క్రైస్తవ మిషనరీల ద్వారా ఈ అల్లిక మన వైపు వచ్చింది. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. పెద్ద దుప్పటో, బల్ల గుడ్డో అయితే మొత్తం ఒకరే అల్లటం అరుదు. ఇళ్ళల్లో కూర్చుని దారంతో పువ్వులు అల్లేవాళ్ళు వేరు, ఆ పువ్వుల్ని కలిపే అతుకుపని చేసేవాళ్ళు వేరు. దారం తెచ్చి ఇచ్చి, అల్లిన ముక్కలు తీసుకెళ్ళే ఏజెంటు ఒకరు. ఆ పైన ఎగుమతిదారు. పురస్కారం మాత్రం ఒక్క చేతికి వస్తుంది.

ఆవిడ రాసుకొచ్చిన కాగితంలో 34 పేర్లు ఉన్నాయి. అతిథులు, అధికారులు, ఎగుమతిదారు, ఏజెంటు, పువ్వులు అల్లిన వీధి ఆడవాళ్ళు, అతుకు వేసినావిడ, సూది పట్టడం నేర్పిన అత్తగారు, భర్త, పిల్లలు, తోడికోడలు, దరఖాస్తు నింపిపెట్టిన కుర్రాడు, చివర్లో ఊరి అమ్మవారు. ఇచ్చిన సమయం 3 నిమిషాలు.

ఇంటిపేరు, పేరు, గారు, హోదా, "వారికి నా కృతజ్ఞతలు" కలిపి పలికితే ఒక్కొక్కరికి దాదాపు 5 సెకన్లు పడుతుంది. 34 పేర్లకు 170 సెకన్లు. మూడు నిమిషాల్లో మిగిలేది పది సెకన్లు. పురస్కారం తెచ్చిపెట్టిన లేసు దుప్పటి గురించి ఒక్క వాక్యం చెప్పటానికి కూడా చాలదు. ఈ లెక్క గడియారం ముందు పెట్టుకుని చదివి చూసుకున్నాకే ఆవిడ కాగితం పక్కన పెట్టింది. మీరూ మీ చిట్టాను ఒకసారి పైకి చదివి సమయం చూసుకోండి.

ప్ర: ఆ 34 మందిలో ఎవరిని ఉంచారు, ఎవరిని తీసేశారు?

మనుషుల్ని తీసెయ్యలేదు. పేర్ల స్థానంలో పనులు పెట్టాం.

అలా చెయ్యటానికి ఆవిడను ఒకే ప్రశ్న అడిగాను: "ఈ మనిషి సరిగ్గా ఏం చేసింది, ఆ రోజు ఏం జరిగింది?" చిత్రం ఏమిటంటే, సగం పేర్ల దగ్గర జవాబు రాలేదు. ఎగుమతిదారు ఏం చేశారు అంటే "మంచివారండి" అంది. అధికారుల గురించి "రానిచ్చారండి, మాట్లాడనిచ్చారండి" అంది. ఆ పేర్లు మర్యాద కోసం రాసినవి. వాటికి మొదటి నమస్కారం సరిపోతుంది.

అతుకు వేసినావిడ పేరు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆగకుండా చెప్పుకుపోయింది. అందరి చెయ్యీ ఒకేలా ఉండదు. ఒకరు దారం బిగించి లాగుతారు, ఇంకొకరు వదులుగా అల్లుతారు. ఒకే సూది, ఒకే దారం, ఒకే లెక్క అయినా ఒకరి పువ్వు కాస్త చిన్నదిగా, ఇంకొకరిది కాస్త పెద్దదిగా వస్తుంది. విడిగా చూస్తే కనిపించని ఆ తేడా వరసలుగా కలిపాక బయటపడుతుంది. గుడ్డ ఒక పక్కకి లాగుతుంది, అంచు తిన్నగా నిలవదు. ఈ దుప్పటి నాలుగు వరసలు అతికాక అలాగే లాగింది. అతుకు వేసే ఆవిడ ఎవరికీ చెప్పకుండా ఆ నాలుగు వరసలూ విప్పి, బిగువు పువ్వులు ఒక పక్కకి, వదులు పువ్వులు ఒక పక్కకి ఏరుకుని, మళ్ళీ మొదటినుంచి కలిపింది. కూలి ముక్క లెక్కన వస్తుంది కాబట్టి విప్పిన పనికి డబ్బు లేదు.

ప్రసంగం అదే. అతుకుపని గురించి ఎన్నడూ వినని కలెక్టరుకైనా ఆ సంగతి అర్థమవుతుంది. వీధిలో పువ్వులు అల్లిన ప్రతి ఆడమనిషీ అందులో తన చెయ్యి ఉందని గుర్తుపడుతుంది. బిగువు చెయ్యి ఎవరిదో, వదులు చెయ్యి ఎవరిదో వాళ్ళకు తెలుసు. పేరు చెప్పక్కర్లేదు.

ప్ర: ఒక్కరి పనే చెబితే మిగతావాళ్ళు చిన్నబుచ్చుకోరా?

చెప్పే సంగతిని బట్టి ఉంటుంది. ఒకరి గొప్ప గుణం చెబితే ("ఆవిడ ఎంతో మంచిది") పోలిక వస్తుంది, పక్కవాళ్ళు తామేం తక్కువని అనుకుంటారు. జరిగిన పని చెబితే పోలిక రాదు. పైగా మంచి సంగతిలో మిగతావాళ్ళ పని కూడా లోపలే ఉంటుంది. పువ్వులు లేకుండా అతుకు లేదు. సంగతి ఎంచుకునేటప్పుడు చూసుకోవాల్సింది ఇదే: ఎక్కువమంది చేతులు తగిలిన చోటును ఎంచుకోండి. మీకూ, మీ ఇంట్లోవాళ్ళకూ మధ్య మాత్రమే జరిగిన సంగతి ఎంత కదిలించేదైనా మిగతావాళ్ళను బయటే ఉంచుతుంది.

ప్ర: ఒక్క పేరు కూడా చెప్పకూడదా?

చెప్పొచ్చు. రెండు రకాల పేర్లు చెప్పి తీరాలి.

ఒకటి, పనిలో నేరుగా వాటా ఉన్నవాళ్ళు. డిజైను వేరేవారు గీస్తే, పుస్తకానికి బొమ్మలు వేరేవారు వేస్తే, నాటకం ఇద్దరు కలిసి రాస్తే ఆ పేరు దాచటం అన్యాయం. అది కృతజ్ఞత కిందికి రాదు, అది వాళ్ళ హక్కు. "ఈ డిజైను ఫలానావారిది" అని ప్రసంగం మొదట్లోనే చెప్పేయండి. చివరికి ఉంచితే మొహమాటానికి తగిలించినట్టు ఉంటుంది.

రెండోది, చనిపోయిన గురువు. రేపు ఇంటికి వెళ్ళి చెప్పే వీలు ఆ మనిషి విషయంలో లేదు. సభలో తప్ప వేరే చోటు లేని పేరు అది. మన లేసు కళాకారిణి విషయంలో సూది పట్టించిన అత్తగారు లేరు, అందుకని ఆ ఒక్క పేరూ ఉంచాం. ప్రసంగం మొత్తంలో ఒకే పేరు వినిపిస్తే అది నిలుస్తుంది.

ప్ర: మా ఇంటాయన పేరు చెప్పకపోతే బాగోదేమో?

ఆయన చేసిన పని చెప్పండి. "ఈ దుప్పటి సాగిన రోజుల్లో రాత్రి వంట నేను చెయ్యలేదండి" అంటే చాలు, ఎవరు చేశారో హాలంతటికీ తెలుస్తుంది. పేరు పలకటానికి మొహమాటపడే పెద్ద వయసువాళ్ళకు కూడా ఇది వీలు.

ప్ర: మొత్తం ప్రసంగం ఎలా తయారైందో చూపిస్తారా?

ఇదీ ఆవిడ చివరికి మాట్లాడింది. ఒక్క పేరు మాత్రం వదిలేస్తున్నాను.

"వేదిక మీదున్న పెద్దలందరికీ, ఎదురుగా కూర్చున్న మా వాళ్ళందరికీ నమస్కారమండి.

ఈ దుప్పటి నేనొక్కదాన్నే అల్లింది కాదండి. పువ్వులు మా వీధిలో అల్లారు. అతుకు ఇంకో ఇంట్లో వేశారు. అంచు నేను అల్లాను. నాలుగు వరసలు అతికాక దుప్పటి ఒక పక్కకి లాగేసిందండి. కొందరి చెయ్యి బిగువు, కొందరిది వదులు. మా అతుకు వేసే ఆవిడ ఆ నాలుగు వరసలూ విప్పేసింది. బిగువు పువ్వులు ఒక పక్కకి, వదులువి ఒక పక్కకి ఏరింది. మళ్ళీ మొదటినుంచి కలిపింది. విప్పిన పనికి కూలి రాదండి మాకు. నాకు చెప్పను కూడా చెప్పలేదు. పూర్తయ్యాక దారం ముక్కలు చూసి నేనే అడిగాను. 'వంకరగా పోతే నాకు నిద్ర పట్టదే' అందండి.

ఈ దుప్పటి అల్లినన్నాళ్ళూ మా ఇంట్లో రాత్రి వంట నేను చెయ్యలేదు. ఎవరు చేశారో మా వాళ్ళకి తెలుసు.

నాకు సూది పట్టుకోవటం నేర్పింది మా అత్తగారు, (ఇక్కడ ఆ పేరు). తప్పు పడితే కోప్పడేది కాదండి. విప్పి చేతికిచ్చేది.

బహుమతి డబ్బు వచ్చాక ఈ దుప్పటిలో పువ్వు ఉన్న ప్రతి ఇంటికీ వాటా ఇస్తానని మేమంతా ముందే కూర్చుని అనుకున్నామండి. ప్రశంసాపత్రం మాత్రం నేనే ఉంచుకుంటాను. నమస్కారమండి."

నింపాదిగా చదివితే రెండు నిమిషాల లోపే అయిపోతుంది. మైకు ముందు, చప్పట్లకు ఆగుతూ మాట్లాడేటప్పుడు తెలుగులో నిమిషానికి 80, 90 మాటలకు మించి సాగవు. మూడు నిమిషాలు ఇస్తే రెండు నిమిషాలకు రాసుకోండి. మిగతాది ఆగటానికీ, గొంతు సవరించుకోవటానికీ పోతుంది.

ప్ర: బహుమతి డబ్బు పంచుతానని వేదిక మీద చెప్పటం మంచిదేనా?

ముందే కూర్చుని తేల్చుకుంటేనే. ఆ క్షణపు ఉత్సాహంలో "ఈ డబ్బంతా అందరికీ పంచేస్తాను" అంటే, ఎవరెవరికి, ఎంతెంత అన్న పేచీ మర్నాడు మొదలవుతుంది. పువ్వుకింత అన్న లెక్కా, అతుకుకింత అన్న లెక్కా ఒకటి కావు. పై ప్రసంగంలో "ముందే కూర్చుని అనుకున్నాం" అన్న మాట ఉంది చూడండి, అది నిజం కాకపోతే ఆ వాక్యం మొత్తం తీసేయమని ఆవిడకు చెప్పాను. వాళ్ళు నిజంగానే ఒక సాయంత్రం కూర్చుని తేల్చుకున్నారు. పేర్ల చిట్టాకన్నా ఈ ఒక్క వాక్యం ఎక్కువ కృతజ్ఞత చెబుతుందని నా నమ్మకం.

ప్ర: మన యాసలోనే మాట్లాడొచ్చా, పుస్తకాల భాషలో రాసుకోవాలా?

మన యాసలోనే మాట్లాడండి. "మహోన్నతమైన ఈ పురస్కారానికి నన్ను ఎంపిక చేసిన ఎంపిక సంఘానికి హృదయపూర్వక కృతజ్ఞతాభివందనాలు" లాంటి వాక్యం కాగితం మీద బాగుంటుంది కానీ మొదటిసారి మైకు పట్టుకున్నవాళ్ళ నోట్లో అడ్డం పడుతుంది. పైగా అలాంటి వాక్యం ఎత్తుకున్నాక దాని వెనకే పేర్లు వరస కట్టి వచ్చేస్తాయి, ఆ భాష తీరే అంత. గోదావరి జిల్లాల "అండి"లోనే కావలసినంత గౌరవం ఉంది. కాకపోతే ప్రతి వాక్యానికీ పెడితే వినేవాళ్ళకు అదొక్కటే వినిపిస్తుంది. రాసింది పైకి చదివి, రెండు మూడు వాక్యాలకు ఒకటి ఉండేలా చూసుకోండి.

ప్ర: పేర్లు చెప్పకుండా పెద్ద వేదికల మీద ఎవరైనా మాట్లాడారా?

మన కొవ్వూరులో పుట్టిన కీరవాణి గారు 2023లో ఆస్కార్ అందుకున్నప్పటి మాటలు చూడండి. అక్కడ విజేతలకు ఇచ్చే సమయం 45 సెకన్లు. ఆయన చిన్ననాటి నుంచి విన్న ఒక ఇంగ్లీషు పాట బాణీలో తన మాటలు కట్టి పాడారు. పేర్లు ఒకటీ అరా మాత్రమే వచ్చాయి. ఎవరినీ తలుచుకోలేదని అనిపించలేదు, ఎందుకంటే ఆయన తనకు సంగీతం ఎక్కడినుంచి వచ్చిందో పాడి చూపించారు. మనం పాడక్కర్లేదు, మన పని ఎక్కడినుంచి వచ్చిందో చెబితే చాలు.

ప్ర: వేదిక ఎక్కాక ఎదురుగా తెలిసిన ముఖం కనిపిస్తే?

అందరూ జారేది ఇక్కడే. రెండో వరసలో మేనమామ కనిపిస్తాడు, "మా మావయ్య కూడా వచ్చారండి" అని నోటినుంచి వచ్చేస్తుంది. వెంటనే మూడో వరసలో పిన్ని. ఇక కాగితం పోతుంది, చిట్టా మొదలవుతుంది. ఆ ముఖం వైపు చూసి తల ఊపండి. వాళ్ళకు అది చాలు. చూపు ఎక్కడ పెట్టాలో తెలియకపోతే హాలు చివర గోడ దగ్గర నిలబడ్డవాళ్ళ వైపు చూసి మాట్లాడండి, గొంతు కూడా అంతదూరం వెళ్తుంది.

ప్ర: ఏడుపు వస్తే?

ఆగండి. నీళ్ళు తాగండి. "క్షమించండి" అనక్కర్లేదు. కాగితం మీద తర్వాతి వాక్యం మొదటి మాటను పెద్ద అక్షరాల్లో రాసి ఉంచుకుంటే, కళ్ళు తడిగా ఉన్నా అక్కడినుంచి ఎత్తుకోవచ్చు.

ప్ర: సభలో చెప్పని పేర్లన్నీ ఏమవుతాయి?

ఆ 34 పేర్ల కాగితం చింపెయ్యకండి. దాంతో అసలు పని సభ అయ్యాకే ఉంది. వారం లోపల, ఒక్కొక్కరి ఇంటికీ వెళ్ళండి. పండూ తాంబూలం పట్టుకెళ్ళండి, లేదా ఊరికే వెళ్ళండి. వెళ్ళినప్పుడు "మీ సాయానికి థాంక్స్ అండి" అని ఊరుకోకుండా వాళ్ళు చేసిన ఆ ఒక్క పని చెప్పండి: దరఖాస్తు నింపిన కుర్రాడికి, "ఆ రోజు ఫోటోలు మూడుసార్లు మళ్ళీ ఎక్కించావు కదా, అది గుర్తుందిరా" అని. దూరాన ఉన్నవాళ్ళకు ఫోన్ చేసి మాట్లాడండి. ఒకే మెసేజి అందరికీ పంపితే అదీ చిట్టాలాంటిదే అవుతుంది.

విలేకరులు అడిగితే ఏజెంటు, ఎగుమతిదారు, శిక్షణ ఇచ్చిన సంస్థ పేర్లు అక్కడ ఇవ్వొచ్చు, రాసి ఇవ్వండి. నోటితో చెబితే ఇంటిపేర్లు తప్పు పడతాయి.

ప్ర: నిర్వాహకులు "ఫలానా వారి పేరు తప్పకుండా చెప్పండి" అని చీటీ ఇస్తే?

"వందన సమర్పణలో మీరే చెప్పండి, మీ నోట బాగుంటుంది" అని నవ్వుతూ చీటీ తిరిగి ఇచ్చేయండి. వద్దనరు. ఒత్తిడి చేస్తే ఆ పేరును మొదటి నమస్కారంలో కలిపేయండి, మధ్యలోకి మాత్రం రానివ్వకండి. అతుకు విప్పిన సంగతి చెబుతుండగా దాత పేరు వస్తే ఆ సంగతి అక్కడితో తెగిపోతుంది, మళ్ళీ అందుకోవటం అనుభవం ఉన్నవాళ్ళకే కష్టం.